షుగర్ చెకింగ్ సామాన్ల ఫొటో చూసి ఏది ఏమిటో గుర్తుపట్టడం ఎలా?

మా పిన్ని ఒకరోజు ఫొటో పంపింది. పూల దుప్పటి మీద నాలుగు వస్తువులు ఉన్నాయి. మూతున్న తెల్ల డబ్బా ఒకటి, నారింజ రంగు గొట్టం ఒకటి, ఎర్రటి ద్రవం ఉన్న చిన్న సీసా ఒకటి, చిన్న అట్టపెట్టె ఒకటి. కింద ఇలా రాసింది: "బాబాయ్ రేపు ఊరెళ్తున్నారురా. షుగర్ పడిపోతే నమిలే బిళ్లలు వీటిలో ఏవో చెప్పు, జేబులో పెడతాను. అన్నిటి మీదా గ్లూకోజ్ అనే ఉంది."

పిన్ని పొరపాటేమీ పడలేదు. స్ట్రిప్స్ డబ్బా మీద బ్లడ్ గ్లూకోజ్ టెస్ట్ స్ట్రిప్స్ అని ఉంటుంది. మీటర్‌ను పరీక్షించే ద్రవం మీద గ్లూకోజ్ కంట్రోల్ సొల్యూషన్ అని ఉంటుంది. బిళ్లల మీద గ్లూకోజ్ ట్యాబ్లెట్స్ అని ఉంటుంది. ఫొటోలో లేబుల్ సగమే కనిపిస్తే మిగిలేది ఆ పెద్దక్షరాల గ్లూకోజ్ ఒక్కటే. అందుకే ఇలాంటి ఫొటో మీ దగ్గరికొస్తే ఆ మాటను నమ్ముకోకండి. దాన్ని పక్కన పెట్టేసి ఎలా చూడాలో చెబుతాను.

అంతకంటే ముందు ఒక్క మాట. ఫొటో పంపినవాళ్లకు ఆ క్షణంలోనే చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, షుగర్ 70 కంటే తగ్గి ఉంటే ఈ గుర్తుపట్టే పని పెట్టుకోకండి. స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార కలిపిన నీళ్లో, తీపి పండ్లరసమో వెంటనే తాగమనండి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, అత్యవసర సాయం పిలవాలి. ఈ వ్యాసం తీరిగ్గా ఉన్నప్పటి పని కోసం, అంటే సంచి సర్దేటప్పుడు, కొత్తవి తెప్పించేటప్పుడు.

ముందు అంకె వెతకండి, తర్వాత దాని పక్కనున్న అక్షరం చూడండి

రంగును బట్టి తేల్చకండి. ఒకే కంపెనీ తన మీటర్‌కూ, స్ట్రిప్స్‌కూ, సూదులకూ, ద్రవానికీ ఒకే రంగు పెట్టెలు వాడుతుంది. పేరును బట్టి తేల్చడమూ కష్టమే, ఎందుకంటే మీటర్ పేరే అన్నిటి మీదా పెద్దగా ఉంటుంది. తేడా తెలిసేది చిన్నక్షరాల్లో. లోపల ఏముందో, ఎంతుందో చెప్పే అంకె ఒకటి ప్రతి పెట్టె మీదా ఉంటుంది. దాని పక్కన ఉన్న కొలతే అసలు ఆనవాలు.

ఎంఎల్ అని ఉంటే అది ద్రవం. గ్రాములు అని ఉంటే తినే బిళ్లలు. స్ట్రిప్స్ అనో, టెస్ట్స్ అనో ఉంటే స్ట్రిప్స్. క్యాపిటల్ జీ అక్షరం ఉండి, దాని ముందు 28, 30, 33 లాంటి అంకె ఉంటే అది సూది.

ఇక్కడే ఒక చిక్కుంది. గ్రాముకు వాడేది స్మాల్ జీ, సూది సన్నదనానికి వాడేది క్యాపిటల్ జీ. ఫొటో మసగ్గా ఉంటే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు అక్షరాన్ని వదిలేసి అంకె ఎంతో చూడండి. ఒక్కో గ్లూకోజ్ బిళ్లకు సాధారణంగా 4 గ్రాములు అని రాసి ఉంటుంది. సూదులకు మాత్రం ఆ అంకె ఇరవైల్లోనో ముప్పైల్లోనో ఉంటుంది. సూది సన్నగా ఉన్నకొద్దీ ఆ అంకె పెద్దదవుతుంది కాబట్టి 33 అంటే 28 కంటే సన్నటి సూది. బిళ్ల ఒక్కటి 30 గ్రాములు ఉండదు, సూది మీద జీ ముందు 4 ఉండదు.

50 లాంటి అంకె ఒంటరిగా కనిపిస్తే మాత్రం నిర్ణయానికి రాకండి. స్ట్రిప్స్ 50 ఉంటాయి, బిళ్లలు 50 ఉండే సీసాలూ ఉన్నాయి. పక్కనున్న మాట దొరికేదాకా ఆ అంకెకు అర్థం లేదు.

స్ట్రిప్స్ డబ్బా

స్ట్రిప్స్‌కు తేమ పడదు. అందుకే వాటి డబ్బా పొట్టిగా, గుండ్రంగా, లోపలిది బయటికి కనిపించని గట్టి ప్లాస్టిక్‌తో ఉంటుంది. మూత చాలావరకు డబ్బాకే అతుక్కుని ఉంటుంది. బొటనవేలితో పైకి నెడితే టప్పున తెరుచుకుని వెనక్కి వాలుతుంది, చేతిలోకి ఊడిరాదు. ఫొటోలో మూత అంచున ముందుకు పొడుచుకొచ్చిన చిన్న నాలుక, వెనక కీలు కనిపించాయంటే స్ట్రిప్స్ అనే అనుమానం బలపడుతుంది. అయితే కొన్ని కంపెనీలు ఒక్కో స్ట్రిప్‌ను విడివిడిగా రేకు కవర్లో పెట్టి అమ్ముతాయి. వాటికి డబ్బానే ఉండదు.

మూత తీసి ఉంటే సందేహమే లేదు. లోపల నిలువుగా, పేకముక్కల్లా ఒకదానికొకటి ఆనుకుని పల్చటి ముక్కలు నిలబడి ఉంటాయి. ఒక్కటి బయట ఉంటే దగ్గరగా చూడండి. వెడల్పు చిటికెన వేలి గోరుకంటే తక్కువే. ఒక చివర నల్లగానో, బంగారు రంగులోనో, వెండి రంగులోనో సన్నటి గీతలు ఉంటాయి. ఆ చివరను మీటర్లో దూరుస్తాం. ఎక్కువ స్ట్రిప్స్‌లో రెండో చివర అంచున సన్నటి సందు ఉంటుంది. రక్తపు చుక్కను అక్కడ తాకిస్తే అదే లోపలికి పీల్చుకుంటుంది. కొన్నిటికి ఆ సందు పక్కవైపు ఉంటుంది.

డబ్బా లేబుల్ మీద చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది. కంట్రోల్ అనే మాట, దాని పక్కన లెవెల్ 1 అనో 2 అనో, ఎదురుగా రెండు అంకెల మధ్య గీత కనిపిస్తాయి. కంట్రోల్ అనగానే ఇది కంట్రోల్ సొల్యూషనే అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. ఆ ద్రవాన్ని ఈ స్ట్రిప్ మీద వేస్తే మీటర్ ఎంతనుంచి ఎంతలోపు చూపించాలో చెప్పే హద్దు అది. స్ట్రిప్స్ ఒక్కో బ్యాచ్‌కూ కొంచెం తేడా ఉంటుంది కాబట్టి ఆ హద్దును స్ట్రిప్స్ డబ్బా మీదే ముద్రిస్తారు. కాబట్టి ఫొటోలో కంట్రోల్ పక్కన అంకెల హద్దు కనిపించి, ఎంఎల్ ఎక్కడా కనిపించకపోతే అది ద్రవం సీసా కాదు, ఎక్కువగా స్ట్రిప్స్ డబ్బానే అవుతుంది.

ఇదే అంకెలతో ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. "డబ్బా మీద 100 నుంచి 140 అని ఉంది, నాకు 180 వచ్చింది, మిషన్ పాడైందా?" అని టెన్షన్ పడేవాళ్లను చూశాను. డబ్బా మీది హద్దు మనిషి రక్తానికి సంబంధించింది కాదు, ద్రవానికి మాత్రమే. మీ షుగర్ ఎంత ఉండాలో డాక్టర్ చెప్పాల్సిందే.

ద్రవం సీసా

అన్నిటికంటే జాగ్రత్తగా గుర్తుపట్టాల్సింది దీన్నే. చాలామందికి ఇదెందుకో తెలియదు. మీటర్, స్ట్రిప్ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి, రక్తం బదులు స్ట్రిప్ మీద వేసే ద్రవం ఇది. ఎంత గ్లూకోజ్ ఉండాలో ముందే లెక్కకట్టి కలిపి తయారుచేస్తారు. చాలావాటికి రంగు కలుపుతారు, ఎరుపు ఎక్కువగా కనిపిస్తుంది.

సీసా చాలా చిన్నది, లోపల 2 నుంచి 4 ఎంఎల్ మాత్రమే ఉంటుంది. మూత తీస్తే సన్నటి ముక్కు ఉంటుంది, నొక్కితే చుక్క పడుతుంది. అంటే చూడ్డానికి అచ్చం కంట్లో వేసుకునే చుక్కల మందు సీసాలా ఉంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే. కళ్ల చుక్కల సీసాలతో కలిపి ఒకే డబ్బాలో పడేసిన ఇంట్లో, చూపు సరిగా ఆనని పెద్దవాళ్లు దీన్ని కంట్లో వేసుకునే వీలుంది. దీన్ని కంట్లో వేయకూడదు, తాగకూడదు, ఇంజెక్షన్‌గా ఎక్కించుకోకూడదు. గ్లూకోజ్ అని రాసి ఉంది కదా అని షుగర్ పడిపోయినప్పుడు నోట్లో పోసుకున్నా ఫలితం లేదు. అందులో ఉండే గ్లూకోజ్ చాలా కొద్ది.

ఫొటోలో దీన్ని పట్టించే ఆనవాళ్లు మూడు. ఎంఎల్‌తో చిన్న అంకె. లెవెల్ 1, 2, 3 అనో, లో, నార్మల్, హై అనో ఒక మాట. ఇంగ్లిష్‌లో ఐ, వీ, డీ అనే మూడక్షరాలు ఒక చిన్న గళ్లో. ఆ మూడక్షరాలకు అర్థం ఇది శరీరం బయట పరీక్షకే తప్ప ఒంట్లోకి వెళ్లే మందు కాదని. స్ట్రిప్స్ డబ్బా మీదా అవి ఉంటాయి. తినే బిళ్లల మీద, కళ్ల చుక్కల మీద ఉండవు. అందుకే ఫొటోలో సీసా కనిపిస్తే నేను మొట్టమొదట వెతికేది ఆ గడినే.

గ్లూకోజ్ బిళ్లలు

వీటి గొట్టం స్ట్రిప్స్ డబ్బాకంటే సాధారణంగా పొడవుగా ఉంటుంది. పది బిళ్లలు ఒకదానిమీద ఒకటి పేర్చిన గొట్టాలు ఎక్కువగా కనిపిస్తాయి. నారింజ, ద్రాక్ష లాంటి పండ్ల రుచులుంటాయి కాబట్టి లేబుల్ మీద పండు బొమ్మ ఉంటుంది. స్ట్రిప్స్ డబ్బా మీద పండు బొమ్మ ఎవరూ వేయరు. వెనకవైపు తినే సరుకుల మీద ఉన్నట్టే పోషకాల పట్టిక ఉంటుంది: కార్బోహైడ్రేట్ ఇన్ని గ్రాములు, కేలరీలు ఇన్ని అని. ఆ పట్టిక కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, అది తినేదే.

బిళ్ల బయట ఉంటే ఇంకా తేలిక. మామూలు మందు బిళ్లకంటే బాగా పెద్దగా, మందంగా ఉంటుంది, నమలడానికే చేసింది. ఒక్కోదానిలో 4 గ్రాములుంటే నాలుగు నమిలితే 16 గ్రాములు. షుగర్ 70 కంటే తగ్గితే సుమారు 15 గ్రాములు తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చెక్ చేసుకోమని చెప్పే పద్ధతికి ఆ లెక్క సరిపోతుంది. రోజూ షుగర్ తగ్గించడానికి వేసుకునే బిళ్లల మీద కొలత సాధారణంగా మిల్లీగ్రాముల్లో ఉంటుంది, 500 ఎంజీ అన్నట్టు. గ్రాములా, మిల్లీగ్రాములా అన్నది తప్పక చూడండి. షుగర్ పడిపోయిన మనిషి నోట్లో షుగర్ తగ్గించే బిళ్ల పడకూడదు.

సూదులు

ల్యాన్సెట్ అంటే రక్తపు చుక్క కోసం వేలికి గుచ్చుకునే సూది. చూడ్డానికి రెండుమూడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ పుల్లలా ఉంటుంది. దాని తలమీద గుండ్రటి చిన్న బిళ్లలాంటి టోపీ ఉంటుంది. ఆ టోపీని మెలితిప్పి విరిస్తే లోపలి సూది బయటపడుతుంది. కొత్తదైతే టోపీ, పుల్ల ఒకే ముక్కగా అతుక్కుని కనిపిస్తాయి. మధ్యలో సందు కనిపించినా, టోపీ వంకరగా కూర్చున్నా వాడిందనే అనుకోండి. పెట్టె మీద సూది సన్నదనం చెప్పే అంకె క్యాపిటల్ జీతో, స్టెరైల్ అనే మాట గళ్లో ఉంటాయి. గీత కొట్టిన 2 అంకె కూడా ఉండొచ్చు. ఒక్కసారే వాడాలని దాని అర్థం. స్ట్రిప్స్ మీదా అదే గుర్తుంటుంది కాబట్టి దాన్నిబట్టి మాత్రం తేల్చలేం.

దీంతో కలగలిసిపోయేది ఇన్సులిన్ పెన్ను సూది. దాని మీదా క్యాపిటల్ జీ అంకె ఉంటుంది, కానీ పక్కనే 4 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్లు అని పొడవు కూడా రాసి ఉంటుంది. విడిగా చూస్తే కప్పులా ఉండి పైన కాగితం మూత అంటించి ఉంటుంది. నొక్కగానే తనే గుచ్చుకునే కొన్ని ల్యాన్సెట్ల మీద లోతు మిల్లీమీటర్లలో ఉంటుంది కనుక మిల్లీమీటర్లు ఒక్కటే చూసి ఆగకండి, ఆకారం కూడా చూడండి.

మంచి ఫొటో ఎలా అడగాలి

పంపింది చూసి తేలకపోతే ఊహించకండి, మళ్లీ తీయమనండి. ఎలా తీయాలో వరసగా చెప్పండి. పూల దుప్పటి మీద కాకుండా రంగులేని బట్ట మీద పెట్టమనండి. కిటికీ పక్క వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. ఈ డబ్బాలకు నున్నటి లేబుల్ ఉంటుంది, ఫ్లాష్ పడితే సరిగ్గా అక్షరాల మీదే తెల్లటి మెరుపు వస్తుంది. పక్కన ఒక పెన్ను పెట్టమనండి, సైజు తెలుస్తుంది. పెన్ను లేకపోతే 4 ఎంఎల్ సీసా కూడా ఫొటోలో పెద్ద టానిక్ సీసాలా కనిపించగలదు.

గుండ్రటి డబ్బాకు ఒక్క ఫొటో ఎప్పుడూ చాలదు. ఒకవైపు నుంచి లేబుల్లో సగం కూడా చదవడానికి వీలుగా రాదు. మూడుసార్లు కొద్దికొద్దిగా తిప్పుతూ మూడు ఫొటోలు తీయాలి. ఫోన్‌ను మరీ దగ్గరికి తెస్తే ఫోకస్ పట్టదు. ఒక జానెడు దూరం నుంచి తీసి, తర్వాత పెద్దది చేసి చూసుకోవడం మేలు. వీలైతే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనండి, చిన్నక్షరాలు చెదిరిపోకుండా వస్తాయి.

స్ట్రిప్స్ డబ్బా అనిపిస్తే మూత తీసి పైనుంచి ఒక్క ఫొటో తీసి వెంటనే మూసేయమనండి. అరచేతిలో పోసి చూపించమని అడగకండి. తేమ తగిలిన స్ట్రిప్ తప్పు అంకె చూపించవచ్చు, తప్పని పైకి ఏమీ తెలియదు. ల్యాన్సెట్ టోపీ విప్పి చూపించమని అసలే అడగకండి.

పిన్ని ఫొటోలో ఏం తేలింది

తెల్ల డబ్బాతో మొదలుపెట్టాను. కనిపించింది గ్లూకోజ్‌లో చివరి నాలుగు అక్షరాలు, కింద 50. పక్కన మాట డబ్బా వంపులోకి వెళ్లిపోయింది. యాభై బిళ్లలా, యాభై స్ట్రిప్సా? పొట్టిగా ఉంది, మూతకు నాలుక ఉంది. స్ట్రిప్స్ అనిపించింది, కానీ అనిపిస్తే సరిపోదు కదా. ఇంకో రెండు ఫొటోలు తిప్పి తీయమన్నాను. రెండోదానిలో కంట్రోల్, లెవెల్ 2, రెండు అంకెల మధ్య గీత కనిపించాయి. ఎంఎల్ లేదు. స్ట్రిప్స్.

ఎర్ర సీసాకు పెన్ను పక్కన పెట్టాక అర్థమైంది, అది పెన్నులో సగం పొడవు కూడా లేదు. 4 ఎంఎల్ అని, గళ్లో ఆ మూడక్షరాలూ ఉన్నాయి. పిన్ని దాన్ని బాబాయ్ కళ్ల చుక్కల పక్కన పెట్టుకుంటోంది. వెంటనే తీసి మీటర్ సంచిలో వేయమన్నాను.

అట్టపెట్టె మీద 30, పక్కన జీ. ఫొటోలో క్యాపిటలో, స్మాలో తెలియలేదు, అయినా 30 గ్రాముల బిళ్ల ఉండదు కాబట్టి సూదులే. కింద మసగ్గా స్టెరైల్ కూడా కనిపించింది.

నారింజ గొట్టం మీద పండు బొమ్మ ఉంది, 4, పక్కన జీ ఉంది. వెనకవైపు పోషకాల పట్టిక ఉందా అని అడిగితే ఫొటో పంపింది, ఉంది. అవే బిళ్లలు. కానీ ఇక్కడ ఆగలేదు, ఎందుకంటే ఫొటో చెప్పేది లేబుల్ గురించే, లోపలున్నదాని గురించి కాదు. ఖాళీ అయిన స్ట్రిప్స్ డబ్బాల్లో, గొట్టాల్లో వేరే బిళ్లలు దాచుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మూత తీసి ఒక బిళ్ల చేతిలో పెట్టి చూపించమన్నాను. మందంగా, రూపాయి బిళ్లంత ఉంది. అప్పుడు సరే అన్నాను.

ఆ ఫొటోలన్నిటిలో తేలనిది ఒకటే మిగిలింది. స్ట్రిప్స్ డబ్బా ఎప్పుడు తెరిచారో. గడువు తేదీ లేబుల్ మీద ఉంటుంది, కానీ తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో వేరే లెక్క, అది కంపెనీని బట్టి మారుతుంది, పెట్టెలోని కాగితంలో రాస్తారు. ద్రవం సీసాకు తెరిచాక సాధారణంగా మూడు నెలలే. పిన్నికి తేదీ గుర్తులేదు. బాబాయ్‌ను అడిగితే పండక్కి ముందు తెరిచానన్నారట, ఏ పండగో ఆయనకూ తేలలేదు. ఆ డబ్బా, సీసా పక్కన పెట్టేసి, కొత్తవి తెరిచి, మార్కర్‌తో మూతమీదే తేదీ రాయమని చెప్పాను. నారింజ గొట్టం మాత్రం అప్పటికే బాబాయ్ చొక్కా జేబులోకి వెళ్లిపోయింది.